కొస మాట

అతన్ని అందరూ పాముచెవులు అనే పిలుస్తారు. స్టూడియో పెట్టిన కొత్తలో ఒక రికార్డింగు మధ్యలో చెయ్యెత్తి ఆపి, "పక్క బిల్డింగులో ఎక్కడో కుళాయి కారుతోంది" అన్నాడట. అక్కడున్నవాళ్లు నవ్వారు. తర్వాత వెళ్లి చూస్తే నిజంగానే రెండో అంతస్తులో కుళాయి కారుతోంది. ఆ రోజు నుంచి ఆ పేరు అతుక్కుపోయింది. పైకి విసుక్కునేవాడు గానీ, లోపల మురిసిపోయేవాడు. పొగడ్త ఎవరికి చేదు?

స్టూడియో అంటే రెండు గదులు. ఒకదాంట్లో మైకు, గోడలనిండా చప్పుడు పీల్చుకునే ఫోమ్ పలకలు. రెండోదాంట్లో కంప్యూటరు, రెండు పెద్ద స్పీకర్లు, కదిలితే కిర్రుమనే కుర్చీ. ఊరందరి చప్పుళ్లూ సరిచేసే మనిషికి తన కుర్చీలో కాస్త నూనె పోసుకునే తీరిక మాత్రం దొరకలేదు.

ఒకరోజు పొద్దున్నే కంటి ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇంటి దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ అందులో ఉన్నాయి.

"కంటికి కట్టు కట్టి, చేతిలో చదవమని కాగితం పెడుతున్నాం. మా తెలివి అలా ఏడిసింది" అంది. "ఇది ఎవరిచేతైనా చక్కగా చదివించి, అయిదు నిమిషాల ఆడియో చేసివ్వండి. మా హాల్లో వేస్తాం, పేషెంట్ల ఫోన్లకు పంపుతాం. ఊరికే చదివితే నిద్రొస్తుంది, వెనక కాస్త మ్యూజిక్ పెట్టండి."

చదవడానికి మాస్టారిని పిలిచాడు. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన గొంతు అది. వింటుంటే భయం పోతుంది, డెబ్బై దాటినా వెచ్చగా ఉంటుంది. అయితే ఆయనకొక అలవాటుంది. వాక్యం గట్టిగా మొదలుపెట్టి, మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చి, ఆఖరి మెట్టు మీద దాదాపు తనలో తనే అనుకుంటున్నట్టు ముగిస్తాడు.

సంగీతం మాత్రం పాముచెవులు ఎవరినీ అడగలేదు. అతనికి ఒకప్పుడు వేణువు పిచ్చి ఉండేది. పదహారేళ్ల వయసులో అక్క కొనిపెట్టిన వేణువు అది. స్టూడియో పనిలో పడ్డాక పెట్టెలోకి వెళ్లిపోయింది. ఈ పని రాగానే ఎందుకో దాన్ని బయటకు తీశాడు. రెండు రోజులు తంటాలు పడి ఒక చిన్న వరుస కట్టి, తనే వాయించి రికార్డు చేసుకున్నాడు. విని, తన కళ్లలో నీళ్లు తిరిగితే తనే సిగ్గుపడ్డాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, వరుస నిజంగానే బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాట కింద సంగీతం పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. మాట వచ్చినప్పుడల్లా సంగీతం దానంతటది తగ్గేట్టు, మాట ఆగగానే మళ్లీ లేచేట్టు కంప్యూటరులో అమరుస్తారు. డకింగ్ అంటారు దాన్ని. "అత్తగారు గదిలోకి రాగానే కోడలు గొంతు తగ్గించడం, వెళ్లగానే మళ్లీ ఎత్తడం. అంతే, పెద్ద విద్యేం కాదు" అని కొత్తవాళ్లకు చెబుతుండేవాడు. అందులో చూసుకోవలసినవి ముఖ్యంగా రెండు. మాట ఎంత గట్టిగా ఉంటే అత్తగారు గదిలో ఉన్నట్టు లెక్క అనే గీత ఒకటి. ఆమె వెళ్లాక కోడలు ఎంతసేపు ఆగి గొంతెత్తాలనేది రెండోది.

మాస్టారి వాక్యాల మధ్య ఖాళీలు చిన్నవి, అర సెకను, మహా అయితే ముప్పావు సెకను. ఆ కాస్త ఖాళీలోనే తన వేణువు వినపడాలని అతని ఆశ. అందుకని గీతను కాస్త ఎత్తులోనే, మైనస్ ఇరవై ఎనిమిది డెసిబెల్స్ దగ్గర పెట్టాడు. మాట అంతకన్నా మెల్లబడితే ఆగినట్టే లెక్క. మాట ఆగిన పదో వంతు సెకనులో వేణువు పైకి లేచేట్టు పెట్టాడు. వింటే ఎంత అందంగా ఉందో! మాస్టారు ఊపిరి తీసుకున్నప్పుడల్లా వేణువు తొంగి చూసి పలకరించి పోతోంది.

మీటరు చూశాడు. మీటరులో సున్నా పైకప్పు, మైనస్ అంకె పెరిగేకొద్దీ కిందికి దిగినట్టు. మాట సగటున మైనస్ పద్ధెనిమిది. మాట కింద నలిగినప్పుడు వేణువు మైనస్ ముప్పై మూడు. మధ్యలో పదిహేను డెసిబెల్స్ తేడా. మాట స్పష్టంగా వినపడటానికి ఆ తేడా చాలు. "పర్‌ఫెక్ట్" అనుకున్నాడు.

మాస్టారు మాత్రం హెడ్‌ఫోన్ తీసి కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"అంతా బాగుంది గానీ బాబూ, నా వాక్యాలకు కొస అందట్లేదేమో. పాట వచ్చి మీద పడుతోంది."

"నాకు ప్రతి అక్షరం వినపడుతోంది మాస్టారూ."

"నీకు వినపడుతుందయ్యా, నువ్వు వందసార్లు విన్నావు. మన భాషలో ప్రాణమంతా కొసనే ఉంటుంది. చెయ్యమన్నామా వద్దన్నామా అన్నది ఆఖరి ముక్కలోగానీ తేలదు. బడిలో పిల్లలు కూడా అంతే, సగం విని పరిగెత్తేవాళ్లు."

"చెవులు ఒకసారి చూపించుకోండి మాస్టారూ" అన్నాడు పాముచెవులు నవ్వుతూ. మాస్టారు కూడా నవ్వాడు. పెద్దాయన కదా, మాట పొడిగించలేదు. ఫైలు ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే అదే ఆసుపత్రిలో అతని అక్కకు కుడికంటి ఆపరేషన్ అయింది.

అక్క అతనికన్నా పన్నెండేళ్లు పెద్ద. అతని స్టూడియో వెనక వీధిలో ముందుగదిలో కుట్టుమిషన్ వేసుకుని బట్టలు కుడుతుంది. ముప్పై అయిదేళ్లుగా అదే పని. సూదిలో దారం ఎక్కించడానికి రెండేళ్లుగా పక్కింటి అమ్మాయిని పిలవాల్సి వస్తోందని ఆమెకు పెద్ద అవమానంగా ఉండేది. "ఈ కన్ను బాగైతే ఎవర్నీ పిలవక్కర్లేదు" అని ఆపరేషన్ రోజు పెళ్లికి వెళ్లినంత సంబరంగా వెళ్లింది.

ఇంటికి వచ్చిన మూడో రోజు ఫోను తీసి తమ్ముడికి చూపించింది.

"ఒరే చిన్నోడా, నీ టేపు నాకూ ఇచ్చారురా. హాల్లో కూడా అదే వేస్తున్నారు. ఆ పిల్లనగ్రోవి నీదేగా? పక్కనున్నావిడతో చెప్పాను, మా తమ్ముడే వాయించాడని."

"పిల్లనగ్రోవి సరే, చెప్పింది విన్నావా?"

"రోజూ నాలుగుసార్లు వింటున్నా. చుక్కలు వేసుకునేప్పుడల్లా పెట్టుకుంటున్నా. దేవుడి పాటలా ఉంది."

అతని గుండె ఉప్పొంగింది. ఆ పూట స్టూడియోకి ఈల వేసుకుంటూ వెళ్లాడు.

పదమూడో రోజు పొద్దున అక్క ఫోను చేసింది. కన్ను లాగేస్తోందని, వెలుగు చూడలేకపోతున్నానని, అంతా పొగలో ఉన్నట్టుందని చెప్పింది. అతను చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తాడు. కన్ను చింతనిప్పులా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం వేసి చాలాసేపు చూసింది.

"లోపల వాపు బాగా ఉంది. చుక్కలు వేస్తున్నారా?"

"లేదమ్మా, వారం తర్వాత ఆపేశానుగా" అంది అక్క.

"ఎందుకు ఆపారు? నాలుగు వారాలు మెల్లమెల్లగా తగ్గిస్తూ వెయ్యాలి. ఒక్కసారిగా మానేస్తే వాపు తిరగబెట్టదూ?"

"మీరే కదమ్మా ఆపమన్నది."

"మేమా?"

"టేపులో ఉందిగా. వారంలో ఎరుపు తగ్గుతుంది, అప్పుడు చుక్కల మందు ఆపేయాలని."

పక్కనే ఉన్న పెద్ద నర్సు నొసలు చిట్లించింది. "అదేంటమ్మా, ఆపేయకూడదు అని అంత స్పష్టంగా చెబితే! మీ తమ్ముడు చేసిందే కదా అది."

అందరూ అతని వైపు చూశారు. భయం వేసినప్పుడు మనిషికి కోపం తేలిగ్గా వస్తుంది. అతనికీ వచ్చింది.

"అక్కా, ఆపేయకూడదు అనే ఉంది. నేను వందసార్లు విన్నాను. నీకు వినపడకపోతే ఎవరినైనా అడగాలి గానీ, సొంత వైద్యం ఏంటి?"

నలుగురిలో తమ్ముడు తనమీద గొంతు పెంచడం ఆమె ఎప్పుడూ ఎరగదు. ఎడమకంటితో అతన్ని ఒకసారి చూసి తల దించుకుంది.

"అయితే నేనే సరిగ్గా విని ఉండనురా. పెద్దదాన్నయ్యాను కదా" అంది.

గంటకోసారి వెయ్యాల్సిన చుక్కలు రాసి, కంటిలోకి మందు వేసి, రెండు గంటలు ఆగి మళ్లీ చూస్తామని హాల్లో కూర్చోబెట్టారు. చూపు ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనని డాక్టరమ్మ అతనితో విడిగా అంది.

హాల్లో నలభై మంది ఉన్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరి పేరో పిలుస్తున్నారు. మూలన గోడకున్న చిన్న స్పీకరులోంచి మాస్టారి గొంతు, దాని వెనక తన వేణువు వస్తున్నాయి. అతను మొదటిసారి తన పనిని తన గది బయట విన్నాడు.

వాక్యం రానే వచ్చింది. అతనికి 'ఆపేయకూడదు' అని వినపడింది. చూశావా, ఉందిగా అనుకున్నాడు. అయినా మనసు ఒప్పుకోక అక్క ఫోను తీసుకుని ఆ ముక్క మళ్లీ పెట్టాడు.

"ఇదిగో, విను. ఉందా లేదా?"

అక్క ఫోను చెవికి ఆనించుకుంది. రెండుసార్లు విన్నది. మొహమాటంగా నవ్వింది.

"ఉందేమోలేరా. నువ్వు ఉందంటే ఉన్నట్టే."

"నేనంటే కాదు. నీకు వినపడిందా?"

"చుక్కల మందు ఆపేయ... అంతే వినపడింది. ఆపైన నీ పిల్లనగ్రోవి వచ్చేస్తోంది."

పక్క కుర్చీలో ఒకావిడ తన తండ్రికి నల్లకళ్లద్దాలు సరిచేస్తోంది. ఫోను ఆమె ముందు పెట్టాడు.

"ఏమనుకోకండి, ఇది ఒక్కసారి విని ఏం చెబుతున్నారో నాకు చెప్పండి."

ఆమె విన్నది. "వారానికి ఎరుపు తగ్గుతుందట, అప్పుడు చుక్కలు ఆపేయాలట" అంది. తర్వాత తండ్రి భుజం తట్టి, "విన్నావా నాన్నా, వారమే. నెలంతా వెయ్యక్కర్లేదు" అంది సంతోషంగా.

"కాదమ్మా!" అన్నాడు అతను. ఎంత గట్టిగా అన్నాడంటే హాలంతా ఇటు తిరిగింది. "ఆపకూడదు. నాలుగు వారాలూ వెయ్యాలి. డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. కాగితంలో చూడండి, ఆ ఆడియోను నమ్మకండి." ఆమె అతన్ని అనుమానంగా చూసి, కాగితం తీసి వెతుక్కుంది.

అక్కకు మందు వేసే పని నర్సులకు చెప్పి అతను స్టూడియోకి వెళ్లాడు. తలుపు తీసి, కిర్రుమనే కుర్చీలో కూర్చుని, ఆ వాక్యాన్ని తెరమీద పెద్దది చేసి చూశాడు. వినలేదు. వింటే చెవులు మళ్లీ మోసం చేస్తాయని ఇప్పుడు అతనికి తెలుసు. అంకెలే చూశాడు.

'అప్పుడు చుక్కల మందు' దగ్గర మాట మైనస్ పదిహేడు. 'ఆపేయ' దగ్గర ఇరవై అయిదు. 'కూడదు' దగ్గరికి వచ్చేసరికి మాస్టారి గొంతు ఆఖరి మెట్టు దిగి మైనస్ ముప్పై మూడుకు చేరింది. అంటే తను పెట్టిన గీతకు అయిదు కింద. అత్తగారు ఇంకా గదిలోనే నిలబడి మాట్లాడుతోంది. కోడలు మాత్రం ఆమె వెళ్లిపోయిందనుకుని గొంతెత్తేసింది. పదో వంతు సెకనులో వేణువు మైనస్ ఇరవై ఒకటికి లేచి కూర్చుంది. కొస మాటకన్నా పన్నెండు డెసిబెల్స్ పైన! పెద్ద స్పీకర్ల ముందు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, కాగితంలో ఏముందో ముందే తెలిసిన చెవికి అది వినపడుతుంది. ఫోనులోని గోలీకాయంత స్పీకరులో, ఫ్యాన్ల హోరులో ఎవరికి వినపడుతుంది?

మీటరు తనకు అబద్ధం చెప్పలేదు. సగటు అడిగాడు, సగటు చెప్పింది. ఏటి సగటు లోతు మోకాలి దాకే అని విని మధ్యలో మునిగినవాడికీ తనకూ తేడా లేదు. మునిగింది మాత్రం తను కాదు.

మిగతా వాక్యాలూ చూశాడు. కంటిని నలపకూడదు. తలస్నానం చెయ్యకూడదు. బరువులు ఎత్తకూడదు. కొన్నింటిని మనిషి తెలివితో పూరించుకోవచ్చు, కంటిని నలపమని ఎవరూ చెప్పరు కదా. చుక్కలు ఆపడం మాత్రం ఎటైనా నమ్మదగ్గట్టే ఉంది. అయిదు నిమిషాల్లో పద్నాలుగు 'కూడదు'లున్నాయి. పదకొండింటి మీద వేణువు వచ్చి కూర్చుంది.

బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాడు. నలుగురిలో అక్కను ఎంత మాటన్నాడు! ఆమె ఒక్క మాట తిరిగి అనలేదు. తప్పు తనమీద వేసుకుని తల దించుకుంది. మాస్టారిని చెవులు చూపించుకోమన్నాడు. ఆ వేణువు ఆ ఖాళీల్లో వినపడాలన్న ఆశ తప్ప దీనికి వేరే కారణం ఏమీ లేదు.

కళ్లు తుడుచుకుని పనిలో పడ్డాడు. ముందు మాట మీద పనిచేశాడు. వాక్యాల కొసలను ఒక్కొక్కటిగా పట్టుకుని పది డెసిబెల్స్ దాకా చేత్తో పైకి ఎత్తాడు. ఆ తర్వాత గీతను మైనస్ నలభై రెండుకు దించాడు. మాట ఆగినా ముప్పావు సెకను వేణువు కదలకుండా ఉండేట్టు, ఆపైన కూడా ఒకటిన్నర సెకనులో మెల్లగా మాత్రమే లేచేట్టు పెట్టాడు. దాంతో వాక్యాల మధ్య చిన్న ఖాళీల్లో వేణువు లేవనే లేవదు. ఒక విషయం ముగిసి ఇంకొకటి మొదలయ్యే పెద్ద ఖాళీల్లో మాత్రం కాస్త తల ఎత్తుతుంది. అది చాలక వేణువు మొత్తాన్ని ఇంకో ఆరు డెసిబెల్స్ తగ్గించాడు.

ఈసారి సగటు చూడలేదు. మాటలో అతి మెల్లని ముక్క ఎంతుందో, దాని కింద వేణువు ఎంతుందో పద్నాలుగు చోట్లా చూసి కాగితం మీద రాసుకున్నాడు. 'కూడదు' మైనస్ ఇరవై మూడు, వేణువు మైనస్ ముప్పై తొమ్మిది. పదహారు తేడా. తక్కువలో తక్కువ తేడా ఎక్కడ చూసినా పద్నాలుగుకు తగ్గలేదు. ఆ తర్వాత ఫైలును ఫోనులో వేసి, ఫ్యాను పెట్టి, కిటికీ తెరిచి, వీధి చప్పుడులో శబ్దం బాగా తగ్గించి విన్నాడు.

తిరిగి ఆసుపత్రికి వెళుతుంటే దారంతా ఒక ఆలోచన వెంటబడింది. ఫైలు మార్చేస్తే సరిపోతుంది కదా? అక్క ఎలాగూ తన తప్పేనని ఒప్పుకుంది. ఎవరూ అడగరు. పాముచెవులనే పేరు అలాగే ఉంటుంది.

పెద్ద నర్సు గదిలో నిలబడి ఆ మాటే అన్నాడు. "కొంచెం క్వాలిటీ పెంచాను మేడమ్. పాతది తీసేసి ఇది వెయ్యండి."

"అయ్యో, పాతదే బాగుంది కదండీ. అందరి ఫోన్లకూ వెళ్లిపోయింది. వచ్చే నెల కొత్త బ్యాచ్‌కి మారుద్దాంలెండి, తొందరేముంది?"

తొందరేముంది అన్న మాటకు అతని దగ్గర జవాబు ఒక్కటే ఉంది. అది చెబితే అంతా చెప్పినట్టే. హాల్లో తండ్రి కళ్లద్దాలు సరిచేసిన ఆవిడ సంతోషం గుర్తొచ్చింది. ఆవిడలాంటివాళ్లు ఇంకెంతమంది ఇళ్లలో ఉన్నారో!

"క్వాలిటీ కాదు మేడమ్. తప్పు నాది" అన్నాడు. "కొస మాటలు వినపడట్లేదు. ఆపేయకూడదు అన్నది ఆపేయాలి అన్నట్టు వినపడుతోంది. మా అక్క సరిగ్గానే విన్నది."

"నేనూ విన్నానండీ. నాకు బాగానే వినపడిందే."

"రాసింది మీరు మేడమ్. చదివింది మాస్టారు, కలిపింది నేను. మన ముగ్గురికీ ముందే తెలుసు. తెలియనివాళ్లకు ఒక్కసారి కూడా వినిపించకుండా పంపాం." మాస్టారికి కొస అందలేదని ముందే అనుమానం వచ్చిందన్న సంగతి గుర్తొచ్చి, "కాదు, మాస్టారు చెప్పారు. నేనే వినలేదు" అని దిద్దుకున్నాడు.

ఆమె గుమ్మంలోంచి పోతున్న ఆయాను పిలిచి పాత ఫైలు వినిపించింది. ఆయా విని, "చుక్కలు ఆపేయమంటున్నారమ్మా" అంది. పెద్ద నర్సు కుర్చీలో వెనక్కి వాలిపోయింది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. తర్వాత లేచి వెళ్లి హాల్లో స్పీకరు ఆపించి, ఆపరేషన్ల రిజిస్టరు తెప్పించింది. కొత్త ఫైలు కూడా, తెలియనివాళ్లు విని సరిగ్గా తిరిగి చెప్పేదాకా ఎవరికీ పంపనంది.

ఆ ఆడియో మొదలైన దగ్గర్నుంచి నూట పదకొండు మందికి ఆపరేషన్లు అయ్యాయి. ఇద్దరు నర్సులు, పెద్ద నర్సు కలిసి సాయంత్రం దాకా ఫోన్లు చేశారు. అతను ఆ గదిలోనే గోడకానుకుని నిలబడి ప్రతి పిలుపూ విన్నాడు. వెళ్లిపొమ్మన్నా వెళ్లలేదు. చాలామంది కాగితం చూసో, డాక్టరు నోటిమాట గుర్తుపెట్టుకునో చుక్కలు వేస్తూనే ఉన్నారు. అక్కతో కలిపి తొమ్మిది మంది మానేశారు. వాళ్లలో అక్క కాక ఇంకో ఇద్దరి కళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి. ఆ ఇద్దరిలో ఒకాయన, "పోనీలేమ్మా, మీరు చెప్పినట్టే చేశాను కదా" అన్నాడట. ఆ మాట నర్సు అతనికి చెప్పకుండా ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ రెండోసారి చూసి పంపాక, ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో అక్కకు చెప్పాడు.

"తప్పు నీది కాదక్కా. నువ్వు విన్నదే నిజం. నా వేణువు ఆ మాటను మింగేసింది. నలుగురిలో నిన్ను తిట్టాను చూడు, నన్ను..."

"ఊరుకోరా" అంది అక్క. ఆమె కోప్పడితే బాగుండునని అతను ఎదురుచూశాడు.

"నిజం చెప్పనా? నేను మాటలు అంత పట్టించుకోలేదురా. మాట ఎప్పుడు ఆగుతుందా, నీ పిల్లనగ్రోవి ఎప్పుడు వస్తుందా అని చూసేదాన్ని. ఎన్నాళ్లయిందో నువ్వు వాయించి" అంది.

అతను ఆటో కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

మాస్టారి దగ్గరికి మర్నాడు వెళ్లాడు. జరిగిందంతా ఆయన ఆఖరిదాకా విన్నాడు. "చెప్పి ఊరుకున్నాను. గట్టిగా చెప్పాల్సింది. నా కొస నేనే మింగానయ్యా" అన్నాడు. క్షమించానని అనలేదు, క్షమించనని అనలేదు.

మిగతా ఎనిమిది మంది కళ్లూ నిలబడ్డాయి. అక్క కంట్లో వాపు తగ్గడానికి ఆరు వారాలు పట్టింది. ఎరుపు పోయింది, నొప్పి పోయింది. పొగ మాత్రం పూర్తిగా పోలేదు. మనుషుల్ని గుర్తుపడుతుంది, వీధిలో నడుస్తుంది. గోడమీది పట్టికలో పెద్ద అక్షరాలు చదువుతుంది, కింది వరసల దగ్గర ఆగిపోతుంది. ఇంకొన్ని నెలలు చూద్దామంది డాక్టరమ్మ. ఆమె 'చూద్దాం' అన్నప్పుడు గొంతు ఎంత దిగిందో పాముచెవులు విన్నాడు.

ఒక ఆదివారం పొద్దున అతను ఫోను పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. అక్క మిషన్ ముందు కూర్చుని ఉంది. పక్కింటి అమ్మాయి సూదిలో దారం ఎక్కించి అప్పుడే వెళ్లింది.

"ఆ రోజు దిద్దింది ఇదేనక్కా. నువ్వు కోలుకునేదాకా ఆగాను. ఇంకా ఎవరికీ పంపలేదు. ముందు నువ్వు విని, విన్నది విన్నట్టు నాకు చెప్పాలి. నువ్వు మిషన్ ఆపకు, తొక్కుతూనే విను."

"ఇదేం పరీక్షరా" అంటూ ఆమె మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఫోను బల్ల మీద పెట్టి శబ్దం సగానికి తగ్గించాడు. టకటకమని చప్పుడు, దాని మధ్యలో మాస్టారి గొంతు. ఒక్కో వాక్యం దగ్గర ఆపుతుంటే అక్క తిరిగి చెబుతోంది.

"కంటిని నలపకూడదు."

"ఆఁ."

"తలస్నానం చెయ్యకూడదు."

"ఆఁ."

"వారంలో ఎరుపు తగ్గుతుంది. అప్పుడు చుక్కల మందు ఆపేయ..." ఆమె ఆగింది. కాళ్లు ఆగాయి, మిషన్ ఆగింది. "ఆపేయకూడదు" అంది మెల్లగా. కుడికంటిని చేత్తో తడుముకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

పద్నాలుగూ చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. అతను కాగితం మీద పద్నాలుగు టిక్కులు పెట్టాడు.

అక్క ఇంకా ఫోను వైపే చూస్తోంది.

"అంతా బాగుందిరా. మరి నీ పిల్లనగ్రోవి ఏది? తీసేశావా?"

"ఉందక్కా, కింద ఉంది."

ఆమె ఫోను తీసి చెవికి ఆనించుకుని, బాగున్న కన్ను కూడా మూసుకుని, చాలాసేపు వెతికింది.

"నాకు వినపడట్లేదేంట్రా?"

అతను ఆఖరి అక్షరం దాకా గట్టిగా పలికాడు.

"వినపడకూడదక్కా."